ఎనభై నాలుగు యూనిట్లు

బావ వచ్చేసరికి చిట్టి ఎవరిదో డాబా మీది ఎండకు వెల కడుతోంది. పరపతి సంఘంలో ఆమె పని అదే. సోలార్ పెట్టుకుంటామని అప్పుకు వచ్చేవాళ్ల కాగితాలు ఆమె బల్ల మీదికి వస్తాయి. ఇరవై ఏళ్లలో కరెంటు బిల్లు ఎంత తగ్గుతుందో ఏటికేడు రాస్తుంది. ఆ మిగులునంతా ఈనాటి విలువకు కుదించి, ఈరోజు పెట్టాల్సిన ఖర్చు పక్కన నిలబెడుతుంది. మిగులు ఎక్కువైతే సంతకం పెడుతుంది. ఖర్చు ఎక్కువైతే వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి మెల్లగా చెబుతుంది. నలభై మూడేళ్లొచ్చాయి. ఇంట్లోవాళ్లకు మాత్రం ఇప్పటికీ చిట్టే.

"అదేంటి బావా, మీరా! డిపోలో సెలవా?"

బావ బస్సు డిపోలో టైమ్‌కీపర్. "షిఫ్టు మార్చుకున్నా. నేనున్నా లేకపోయినా బస్సులు ఆలస్యంగానే వస్తాయిగా," అన్నాడు.

అది అక్క మాట. బావ డిపోకు బయల్దేరినప్పుడల్లా అక్క వాకిట్లో నిలబడి అనేది. అక్క పోయి ఏడు నెలలు. ఆమె మాటలు ఒక్కొక్కటే బావ నోట్లోకి చేరుతున్నాయని చిట్టి ఈ మధ్యే గమనిస్తోంది.

బావ కుర్చీ అంచున కూర్చుని గుడ్డసంచిలోంచి మూడు వస్తువులు తీశాడు. రబ్బరుబ్యాండు వేసిన కరెంటు బిల్లుల కట్ట, సోలార్ మేస్త్రీ రాసిచ్చిన అంచనా, డిపాజిట్ రసీదు.

"డిపాజిట్ తీసేద్దామని వచ్చా. లక్షా ఎనభై వేలు. ఆరు ప్యానెళ్లు, మూడు కిలోవాట్లు. మీ అక్క అనుకున్నట్టే పెట్టించేస్తా. ఒకసారి నువ్వు చూసి సరే అంటే చాలు."

పక్క బల్ల మీంచి పెద్ద గుమాస్తా తల ఎత్తాడు. "మీ మరదలు సరే అనాలా సార్? ఇంక అయినట్టే. ఆవిడ పెన్ను దాటి వెళ్లిన డాబాలకంటే ఆవిడ పెన్ను కింద ఆగిన డాబాలే ఎక్కువ."

"మీ డాబా కూడా ఆపింది నేనేగా. పక్కన మూడంతస్తులు లేచింది, ఎండ ఎక్కడ పడుతుంది?" అంది చిట్టి.

"అదిగో, ఆ కోపం నాకింకా పోలేదు."

ఆ డిపాజిట్ అక్క బట్టలు కుట్టి కూడబెట్టింది. రసీదు మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. చిట్టి దాన్ని పక్కన పెట్టి మేస్త్రీ అంచనా చేతిలోకి తీసుకుంది. కింద పెద్ద అక్షరాలతో ఉంది: 'పెట్టుబడి ఆరేళ్లలో వెనక్కి. ఇరవై ఏళ్లలో మిగులు ఆరు లక్షలు.' ఆరు కింద రెండు గీతలు.

"ఆరు లక్షలట," అన్నాడు బావ. అందులో కొంచెం గర్వం కూడా ఉంది.

"కలిపితే వచ్చేది అంతే బావా. కూడిక తప్పు కాదు. ఇరవయ్యో ఏడు వచ్చే డబ్బునీ వచ్చే ఏడు వచ్చే డబ్బునీ ఒకే సంచిలో పోయడం తప్పు."

"డబ్బు డబ్బే కదే?"

"మీ డిపాజిట్‌కి ఇక్కడ ఎనిమిది శాతం వడ్డీ. ఇవాళ ఇరవై ఒకటిన్నర వేసి మర్చిపోండి. ఇరవై ఏళ్లకి అది వంద. అంటే అప్పుడు చేతికొచ్చే వందకి ఇవాళ్టి విలువ ఇరవై ఒకటిన్నరే."

"మరీ ఐదో వంతు చేశావే!"

"నేనెక్కడ చేశాను? ఎనిమిది శాతం చేసింది."

బావ నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు. ఆ నవ్వు ఆగిపోకముందే లెక్క ముగించాలని చిట్టి పెన్సిల్ అందుకుంది. ఇలాంటివి ఆమె ఎన్నో చేసింది. పన్నెండు నెలల బిల్లులు, వాటి సగటు. నెలకు మూడు వందల అరవై యూనిట్లు. ఆరు ప్యానెళ్లు నెలకు ఇచ్చేదీ దాదాపు అంతే. యూనిట్ ఏడు రూపాయల చొప్పున నెలకు రెండు వేల ఐదు వందల ఇరవై మిగులు. ఏడాదికి ముప్పై వేల రెండు వందల నలభై. ముందు ముందు కరెంటు రేటు పెరగొచ్చు, ప్యానెల్ శక్తి ఏటా కాస్త తగ్గుతుంది. ఆ రెంటినీ ఒకదానికొకటి చెల్లు వేసి మిగులును ఇరవై ఏళ్లూ ఒకేలా ఉంచడం ఆమె అలవాటు. ఎనిమిది శాతం చొప్పున కుదిస్తే ఇరవై ఏళ్ల మిగులూ కలిపి ఈనాటికి రెండు లక్షల తొంభై ఆరు వేల తొమ్మిది వందలు. పన్నెండో ఏట ఇన్వర్టర్ మార్చాలి, అప్పటి నలభై వేలకు ఇప్పటి విలువ పదిహేను వేల తొమ్మిది వందలు. అదీ, పెట్టుబడి లక్షా ఎనభై వేలూ తీసేస్తే మిగిలేది లక్షా వెయ్యి.

"లాభమే బావా," అంది. "ఆరు లక్షలు కాదు గానీ, లక్ష ఉంది."

"చూశావా! మీ అక్క ఊరికే అనలేదు." బావ లేచి సంచి భుజానికి తగిలించుకున్నాడు. "మూడేళ్ల కిందట నువ్వే నష్టమన్నావు. అది ఎంత గొడవ చేసిందో గుర్తుందా?"

గుర్తుంది. ఇదే ప్రశ్న అక్క అప్పుడు ఫోన్లో అడిగింది. చిట్టి లెక్క వేసి నష్టమని చెప్పింది. "నీ కాకిలెక్కలు నువ్వే దాచుకో. ఎండ ఊరికే పోతోంది కదే, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది," అని అక్క ఫోను పెట్టేసింది. అయినా మర్నాడు గేటుకు వేసిన రంగు మిగిలితే డాబా ఎక్కి ఆరు ప్యానెళ్లకూ చోట్లు గుర్తుపెట్టింది.

అప్పుడు నష్టం వచ్చినది ఇప్పుడు లాభం ఎలా వచ్చింది? ప్యానెళ్ల ధర తగ్గింది, నిజమే. కానీ అంత తేడా రాకూడదు. చిట్టి పెన్సిల్ బల్ల మీద పెట్టి మళ్లీ కట్ట విప్పింది. మూడు వందల యాభై రెండు. మూడు వందల అరవై ఆరు. మూడు వందల యాభై తొమ్మిది. మూడేళ్ల కిందట అదే ఇంట్లో నెలకు నూట పది యూనిట్లు కాలేవి. ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, కుట్టుమిషను, లైట్లు. నూట పది మీద రెండు వందల యాభై ఎక్కడివి?

కట్టలో చివరి బిల్లు తేదీ చూసింది. అక్క పోయిన నెల.

ఆక్సిజన్ మెషిన్. కొన్నది చిట్టే. మూడు వందల యాభై వాట్లు. రాత్రీ పగలూ తిరిగితే రోజుకు ఎనిమిదిన్నర యూనిట్లకు కొంచెం తక్కువ, నెలకు రెండు వందల యాభై. అక్క చివరి పద్నాలుగు నెలలూ ఆ గొట్టం చివరే బతికింది. బావ తెచ్చిన పన్నెండు బిల్లులూ ఆ పద్నాలుగు నెలల్లోవే. మేస్త్రీ సగటు తీశాడు. చిట్టి కూడా, సంఘం ఫారంలో రాసి ఉన్నట్టే, పన్నెండు నెలల సగటు తీసి ఇరవై గడుల్లో నింపేసింది. ఆ లెక్కలో అక్క ఇంకో ఇరవై ఏళ్లు ఊపిరి పీల్చింది.

"ఏమైందే?" అన్నాడు బావ.

ఇక్కడ, పెద్ద గుమాస్తా చెవుల ముందర, ఆ మాట చెప్పడం ఆమెకు ఇష్టం లేకపోయింది. "ఈ కట్ట తర్వాత వచ్చిన బిల్లులు ఉన్నాయా బావా?"

"వస్తున్నాయి. డబ్బు బ్యాంకులోంచి దానంతటదే పోతుందిగా. కవర్లు డబ్బాలో పడేస్తున్నా. విప్పలేదు."

"ఆదివారం నేనొస్తాను. మేస్త్రీని కూడా రమ్మనండి. అప్పటిదాకా డిపాజిట్ తియ్యకండి."

బావ ఆమె మొహంలోకి చూశాడు. మూడు దశాబ్దాలుగా బస్సుల రాక కనిపెట్టిన కళ్లు అవి. ఏదో ఆలస్యమైందని వాటికి తెలిసిపోయింది. రసీదు జేబులో పెట్టుకుని వెళ్లాడు.

ఆయన వెళ్లాక చిట్టి లక్షా వెయ్యి అన్న అంకెను చూస్తూ కూర్చుంది. కొట్టెయ్యడానికి ఒక్క గీత చాలు. కానీ ఆ కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది.

*

ఆదివారం పొద్దున్న సోలార్ మేస్త్రీ అప్పటికే డాబా మీద ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఎండకు కమిలిన మెడ, చొక్కా జేబులో టేపు. చిట్టిని చూడగానే దండం పెట్టాడు.

"మేడమ్, మీరు సొసైటీ మేడమే కదూ? నా అంచనాలు ఏడు వెనక్కి కొట్టారు. ఇవాళ మీ సొంత బావగారిది. దీన్నైనా వదిలేయండి."

"ఆరు లక్షలని రాయడం మానితే వదిలేస్తాను."

"ఆరు లక్షలని రాయకపోతే ఎవరు సంతకం పెడతారు మేడమ్? మీ ఈనాటి విలువ గురించి చెబితే పార్టీ నిద్రపోతాడు."

అక్క గుర్తులు నిలిచే ఉన్నాయి. ఆకుపచ్చ రంగుతో ఆరు దీర్ఘచతురస్రాలకు మూలలు. ప్రతి దానిలో ఒక అంకె. ఒకటీ రెండూ ట్యాంకుకు దూరంగా, ఎండ సాయంత్రం దాకా నిలిచే చోట. ఆరు అంకెలోని సున్న కొంచెం వంకర. రంగు డబ్బా అడుక్కి చేరి ఉంటుంది, కుంచె గీరుకున్న చారలు కనిపిస్తున్నాయి. మూడేళ్లు వానలో నాని ఎండలో ఎండి, అంచులు పెచ్చులూడినా అంకెలు తెలుస్తున్నాయి.

"ఎవరు పెట్టారోగానీ భలే పెట్టారు సార్," అన్నాడు మేస్త్రీ టేపు లాగుతూ. "ట్యాంకు నీడ ఎక్కడ దాకా వస్తుందో చూసుకుని మరీ గీశారు. మా వాళ్లు కూడా ఇంత ఓపిక పట్టరు."

బావ పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాడు. "మేస్త్రీ, ఒకటి అడగాలి. ఇది పెట్టుకుంటే కరెంటు పోయినప్పుడు కూడా మెషిన్లు ఆడతాయా?"

"మామూలు దానికి ఆడవు సార్. లైను పోతే ఇదీ ఆగిపోవాలి. లేకపోతే స్తంభం మీద పనిచేసేవాడికి మన కరెంటు కొట్టదూ? ఆడాలంటే బ్యాటరీ కావాలి. అది వేరే లెక్క, వేరే ఖర్చు."

"అంటే అప్పుడు పెట్టుకుని ఉన్నా…"

"ఎప్పుడు సార్?"

"ఏం లేదులే."

చిట్టికి అర్థమైంది. అక్క ఉండగా కరెంటు రెండుసార్లు చాలాసేపు పోయింది. రెండుసార్లూ బావ ఆక్సిజన్ సిలిండరు భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. సోలార్ ఉండుంటే ఆ గాభరా తప్పేదని, అక్క మాట వినకపోవడమే తన తప్పని ఆయన ఏడు నెలలుగా మోస్తున్నాడు. ఆ బరువు ఇప్పుడు దిగిందో, ఇంకోచోట ఎక్కిందో ఆయన మొహం చూస్తే తెలియలేదు. పిట్టగోడ మీద దుమ్మును వేలితో తుడుస్తూ ఉండిపోయాడు.

ఆ పక్కనే బట్టలారేసే తీగ. దాని మీద బావ రెండు చొక్కాలు, ఒక తువ్వాలు. చివర రెండు క్లిప్పులతో తగిలించిన నల్లటి స్పాంజి ముక్క. అరచేతిలో సగం ఉంటుంది.

"గిన్నెలు తోమే పీచు కూడా క్లిప్పు పెట్టి ఆరేస్తారా సార్? మీ ఇంట్లో పద్ధతి మా ఇంట్లో ఉంటే బాగుండు," అన్నాడు మేస్త్రీ.

బావ మళ్లీ పిట్టగోడ వైపు తిరిగాడు. చిట్టి ఆ స్పాంజిని చూసింది. ఇంకా తడిగా ఉంది. అది గిన్నెలు తోమేది కాదు. ఆక్సిజన్ మెషిన్ వెనక ఉండే ఫిల్టర్. వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాకే తగిలించాలని మెషిన్ తెచ్చిన రోజు చదివి వినిపించింది తనే. గుడ్డ కప్పి మూల పెట్టిన మెషిన్‌కు దుమ్ము పట్టే పని లేదు. తిరిగే దానికే ఫిల్టర్ కడగాలి.

"బావా, కిందికి వెళ్దాం. కవర్లు విప్పాలి," అంది.

*

మేస్త్రీని కొలతలకు వదిలి ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. బావ బిస్కట్ల డబ్బా తెచ్చి మూత తీశాడు. ఏడు కవర్లు, ఒక్కదాని మీదా గీరు కూడా లేదు.

"వీటిని విప్పితే తక్కువ ఉంటుందని తెలుసు," అన్నాడు. "ఎంత తక్కువో చూడబుద్ధి కాలేదు."

చిట్టి చెంచా కాడతో ఒక్కొక్కటే విప్పి, అంకె చదివి బావకు అందించింది. మొదటి నెల నూట ముప్పై ఒకటి. అక్క పోయిన వారం అందులో ఉంది. రెండోది నూట పదిహేను. ఇల్లు మళ్లీ మూడేళ్ల కిందటి అంకెకు వచ్చేసింది. ఆమె ఊహించినదీ అదే. కానీ మూడో కవరులో నూట అరవై ఎనిమిది. తర్వాత నూట తొంభై. నూట తొంభై అయిదు. నూట తొంభై ఆరు. నూట తొంభై మూడు.

"ఏసీ ఏమైనా కొన్నారా బావా?"

"నాకెందుకు ఏసీ."

"హీటరు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. చిట్టి కాగితం చివర చిన్నగా భాగహారం వేసింది. చివరి నాలుగు నెలల సగటు దాదాపు నూట తొంభై నాలుగు, అందులోంచి నూట పది పోతే ఎనభై నాలుగు. ముప్పై రోజులకు పంచితే రోజుకు రెండు పాయింటు ఎనిమిది. మూడు వందల యాభై వాట్లతో భాగిస్తే ఎనిమిది గంటలు. ఒక నిమిషం అటూ ఇటూ లేదు. మనిషి పడుకుని లేచే సమయం.

ఆ ఎనిమిదిని ఆమె చేత్తో కప్పేసింది. కానీ అంకెలు చూడడం బావకూ వచ్చు.

"పట్టేశావుగా," అన్నాడు.

చిట్టి కాగితం మీంచి చెయ్యి తీసేసింది.

"మొదటి రెండు నెలలూ ఊరుకున్నా. నిద్ర పడితేగా! ఇల్లంతా బావిలా ఉండేది. ఒక రోజు చెడిపోయిందేమో చూద్దామని స్విచ్చి వేశా. బుస్ అని మొదలైంది, ఆ టక్‌మనే చప్పుడు… కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే నిద్రపోయా." బల్ల అంచును రెండు చేతులా పట్టుకున్నాడు. "పిచ్చి అంటావు. అంతేనా?"

"అనను."

"నలుగురికి తెలిస్తే అంటారు."

"బిల్లు మీద యూనిట్లే ఉంటాయి బావా. ఎందుకని ఉండదు."

ఆయన మొహం తిప్పుకుని కిటికీలోంచి చూశాడు. పైన మేస్త్రీ టేపు చుట్టుకుంటున్న చప్పుడు. బావే అడిగాడు. "మరి ఇప్పుడు నీ లక్ష ఏమైంది?"

దాచి లాభం లేదు. చిట్టి బ్యాగులోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఆ మూడు వందల అరవైలో రెండు వందల యాభై అక్కవని, వాటిని తీసేయకుండా ఇరవై ఏళ్లకూ రాసింది తన పొరపాటని చెప్పింది. చెబుతున్నంతసేపూ గొంతు ఆఫీసు గొంతులా ఉండేట్టు చూసుకుంది.

"నూట పదే కాలితే, మిగతా రెండు వందల యాభై లైనులోకి పోతుంది. దానికి కరెంటువాళ్లు ఇచ్చేది యూనిట్‌కి రెండే. అలా చూస్తే ఆరు ప్యానెళ్లకి నలభై ఆరు వేల మూడు వందలు నష్టం."

"ఇప్పుడు కాలుతున్నట్టే కాలితే?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. వచ్చే దారిలో కాదు, ఇప్పుడే, కవర్లు విప్పుతుండగా తెలిసింది. అందుకే ఆ లెక్క ముందే చేసేసింది. "మూడు వేల రెండు వందలు లాభం."

బావ కాగితం తన వైపు తిప్పుకున్నాడు. "లాభమేగా మరి! పెట్టించేద్దాం."

"బావా." పెన్సిల్‌ను రెండు వేళ్ల మధ్య తిప్పింది. "అది ఇరవై ఏళ్లూ రోజుకి ఎనిమిది గంటలు తిరిగితేనే. నేను ఒక్కో గడిలో ఒక్కో ఏడు రాయాలి. ఏడో ఏడు. పద్నాలుగో ఏడు. మీకు డెబ్భై ఎనిమిదేళ్లు వచ్చే ఏడు. రాయమంటారా?"

ఆయన కాగితం మీద ఇరవై గడులనూ పైనుంచి కిందికి వేలితో తడుముకుంటూ వెళ్లాడు, బస్సుల పట్టీ చదువుతున్నట్టు. అడుగున ఆగాడు.  ఆయనకు కావలసినది రాయమనడమేనని చిట్టికి తెలుసు. రాస్తే ఆయన రాసినదానికి కట్టుబడతాడు. తన పట్టీ తప్పని మనిషి. లాభం పోతుందని ఇరవై ఏళ్లూ ఆ స్విచ్చి వేస్తాడు. రాయకపోతే, ఈ కాగితమే వచ్చి ఆ స్విచ్చి ఆపేసినట్టవుతుంది.

ఒక్క లెక్క వేసి చూస్తే ఆ చప్పుడు ఖరీదు కూడా తెలుస్తుంది. నెలకు అయిదు వందల ఎనభై ఎనిమిది. ఇరవై ఏళ్లకు, ఈనాటి విలువలో, అరవై తొమ్మిది వేల మూడు వందలు. ఆ చప్పుడుకి అంతకన్నా ఎక్కువే తనూ ఇస్తుందని చిట్టికి అనిపించింది. అక్క ఫోన్ చేసినప్పుడల్లా మాట వెనక ఆ బుస్ అనే చప్పుడు ఉండేది. "కాస్త ఆ మెషిన్‌కి దూరంగా మాట్లాడవే," అని తను విసుక్కున్న రోజులున్నాయి. "దూరంగా వెళ్తే మాటే ఉండదే కాకిలెక్కలదానా," అని అక్క నవ్వేది. నవ్వితే దగ్గు వచ్చేది.

కాగితం తిప్పి వెనక వైపు మళ్లీ మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావు?"

"ఆగండి."

ఈసారి ఆరు కాదు, రెండు ప్యానెళ్లు. ఒక కిలోవాట్. మేస్త్రీ ధరల పట్టీలో డెబ్భై వేలు. నెలకు నూట ఇరవై యూనిట్లు. ఇల్లు నూట పదే కాలిస్తే, నూట పదికి ఏడు, మిగిలిన పదికి రెండు. ఏడాదికి తొమ్మిది వేల నాలుగు వందల ఎనభై. చిన్న ఇన్వర్టరుకు పన్నెండో ఏట ఇరవై వేలు, ఈనాటికి ఎనిమిది వేలకు కొంచెం తక్కువ. అన్నీ పోను పదిహేను వేల చిల్లర లాభం. నూట తొంభై నాలుగు కాలిస్తే, నూట ఇరవైకీ ఏడే. ఇరవై ఒక్క వెయ్యి లాభం.

రెండుసార్లు సరిచూసుకుంది. తర్వాత కాగితం బావ ముందుకు జరిపింది.

"ఇది చూడండి. మెషిన్ తిరిగినా లాభమే. తిరక్కపోయినా లాభమే. రేపు ఆపినా సరే, పదో ఏట ఆపినా సరే. నేను మిమ్మల్ని ఏమీ అడగక్కర్లేదు."

బావ రెండు అంకెలనూ చాలాసేపు చూశాడు. "ఆ ఎనభై నాలుగునీ లెక్కలో వేశావా, తీసేశావా?"

"వెయ్యలేదు. తియ్యనూ లేదు."

"ఇలాంటి లెక్క కూడా ఉంటుందా?"

"వెతికితే ఉంది."

"కానీ మీ అక్క ఆరు గీసింది," అన్నాడు.  అప్పటిదాకా ఆపుకున్నదంతా ఆ ఆరు దగ్గర ఆగలేకపోయింది. చిట్టి లేచి మంచినీళ్లు తెచ్చింది. సంఘంలో అందరికీ ఇచ్చినట్టే ఇచ్చింది. 

"ఒకటీ రెండూ పెట్టిద్దాం బావా. అదే వరసలో. మిగతా నాలుగు గుర్తులూ అలాగే ఉంటాయి. ప్యానెల్ పెడితే గుర్తు దాని కిందికి పోతుంది, కనపడదు కూడా."

ఆ సంగతి బావకు అప్పటిదాకా తట్టలేదు. గ్లాసు కింద పెట్టాడు. "అవును కదూ," అన్నాడు. "అంకెలు కప్పేస్తారు కదూ."

మెట్ల మీంచి మేస్త్రీ కేక వేశాడు. "సార్! ఆరుకి స్టాండ్లు చెప్పెయ్యనా? మేడమ్ మళ్లీ కొట్టేశారా?"

"రెండు!" అని బావ కేక వేశాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ, "రెండు చాలు మేస్త్రీ. ఒకటో నంబరు, రెండో నంబరు. మూడో నంబరు నుంచి అవతల అడుగు పెట్టొద్దు, రంగు లేస్తుంది!"

"ఆరు లక్షలు పోయాయే," అని పైనుంచి గొణుగుడు వినిపించింది.

డిపాజిట్‌లోంచి డెబ్భై వేలే తీస్తే మిగిలిన లక్షా పదివేలు రసీదు మీద అలాగే ఉంటాయి, రెండు పేర్లతో. ఆ మాట చిట్టి చెప్పబోయి ఊరుకుంది. రేపు సంతకం పెట్టేటప్పుడు ఆయనే చూస్తాడు.

కవర్లన్నీ వరసలో పెట్టి రబ్బరుబ్యాండు వేసింది. ఇక లేవాలి, బస్సు వేళ అవుతోంది. కానీ అడుగులు గుమ్మం వైపు పోకుండా లోపలి గదివైపు వెళ్లాయి. మంచం పక్కన మెషిన్, గుడ్డ కప్పలేదు. పైన దుమ్ము లేదు. గొట్టం చుట్టచుట్టి మేకుకు తగిలించి ఉంది. వెనక ఫిల్టర్ ఉండే చోట ఖాళీ గడి.

"ఫిల్టర్ ఆరిందో లేదో బావా."

బావ గుమ్మంలో నిలబడి ఆమెను చూశాడు. తర్వాత గబగబా డాబా ఎక్కాడు. తిరిగి వచ్చేసరికి ఊపిరి ఆడటం లేదు. చేతిలో స్పాంజి, ఒక క్లిప్పు ఇంకా దానికే ఉంది. చిట్టి దాన్ని తీసుకుని చెంపకు ఆనించి చూసింది. ఆరిపోయింది. ఎండ బాగా ఉంది పైన. గడిలో నొక్కి పెట్టింది.

స్విచ్చి ఎవరు వేశారో ఇద్దరికీ తర్వాత గుర్తులేదు. బుస్ అని మొదలైంది, తర్వాత ఆ టక్‌మనే చప్పుడు. బావ కుర్చీలో కూర్చున్నాడు. చిట్టి మంచం మీద, కాళ్ల దగ్గర, ఫోన్లో మాట్లాడినప్పుడు అక్క ఎక్కడ కూర్చునేదో అక్కడ కాకుండా కొంచెం పక్కగా కూర్చుంది. మేస్త్రీ పైన ఒకటో నంబరు దగ్గర సుత్తితో తట్టి చూస్తున్నాడు. కిటికీలోంచి ఎండ ఇటుకంత ముక్క నేల మీద పడి మెల్లగా మంచం వైపు జరుగుతోంది.

అరగంట గడిచింది. అంటే యూనిట్‌లో ఆరో వంతుకు కాస్త ఎక్కువ. ఏడు చొప్పున రూపాయి పావలాలోపే. చిట్టి దాన్ని ఏ గడిలోనూ రాయలేదు. ఆపుదామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.